ఒకే ఫ్లాట్, నాలుగు జవాబులు: ఆయిలర్ భారం, చివరల పట్టు, స్లెండర్‌నెస్ పరీక్ష

ఒక మీటరు పొడవున్న ఉక్కు ఫ్లాట్ ఒకటి ఉందనుకుందాం. వెడల్పు 50 మి.మీ., మందం 25 మి.మీ. మామూలు మైల్డ్ స్టీల్, ఈల్డ్ స్ట్రెస్, అంటే ఉక్కు శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే స్ట్రెస్, 250 మెగాపాస్కల్. దీన్ని రెండు వైపులా పట్టుకుని లాగితే ఎంత ఓర్చుకుంటుందో చెప్పడం తేలిక. కోత వైశాల్యం 1250 చదరపు మి.మీ. కాబట్టి 312.5 కిలోన్యూటన్ల దగ్గర ఈల్డ్ అవుతుంది. చివరలు ఎలా బిగించారన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు, పట్టు జారకుండా ఉంటే చాలు.

అదే ఫ్లాట్‌ను లాగకుండా నొక్కితే కథ వేరు. ఆయిలర్ సూత్రంలో పెట్టి చూస్తే 32, 128, 263, 514 కిలోన్యూటన్లు అని నాలుగు జవాబులు వస్తాయి. ఉక్కు అదే, కొలతలు అవే. మారిందల్లా చివరలను పట్టుకున్న తీరు. పైగా నాలుగింటిలో చివరిది ఈల్డ్ భారాన్నే దాటిపోయింది, కాబట్టి అది జరిగే పని కాదు. మూడోది 312 లోపే ఉంది గానీ, దాన్ని నమ్మి డిజైన్ చేసినా ప్రమాదమే. ఏ జవాబు ఎప్పుడు నమ్మాలో తేల్చేదే స్లెండర్‌నెస్ పరీక్ష. పాఠ్యపుస్తకాల్లో సూత్రమూ, ఈ పరీక్షా పక్కపక్క పేజీల్లోనే ఉంటాయి. అయినా పరీక్ష రాసేటప్పుడూ, డ్రాయింగ్ గీసేటప్పుడూ మొదటిది గుర్తుండి రెండోది మరుగున పడిపోతుంటుంది.

సూత్రంలో ఉన్నదీ, లేనిదీ

సన్నటి స్కేలును నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కితే కొంతసేపు నిటారుగానే ఉంటుంది, ఆపైన ఒక్కసారిగా పక్కకు విల్లులా వంగుతుంది. విరగలేదు, నలగలేదు. వేలు తీస్తే మళ్లీ తిన్నగా అవుతుంది. బక్లింగ్ అంటే ఇదే. ఇది పదార్థం బలం చాలక జరిగేది కాదు, నిటారుగా ఉండే స్థితి నిలకడ కోల్పోవడం వల్ల జరిగేది.

లెక్క ఇలా నడుస్తుంది. రెండు చివరలా హింజ్ ఉన్న స్తంభం ఏదో కారణంగా కొద్దిగా పక్కకు వంగిందనుకుందాం. ఒక చోట ఆ వంపు y అయితే, పైనుంచి వచ్చే భారం P అక్కడ P·y అంత బెండింగ్ మొమెంట్‌ను పుట్టిస్తుంది. అది వంపును పెంచాలని చూస్తుంది. స్తంభపు బిగువు EI దాన్ని తిరిగి నిటారుగా చేయాలని చూస్తుంది. ఇందులో E అంటే పదార్థపు యంగ్స్ మాడ్యులస్, I అంటే కోత ఆకారాన్ని బట్టి వచ్చే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా. ఈ రెండూ సరిసమానమయ్యే షరతు రాస్తే వచ్చే సమీకరణం:

```
y'' + (P / EI) · y = 0
```

దీనికి జవాబు సైన్ తరంగం. రెండు చివరల్లోనూ వంపు సున్నా కావాలి కాబట్టి ఆ పొడవులో అర తరంగాలు పూర్తిగా ఇమడాలి. ఒకే ఒక్క అర తరంగం ఇమిడేది కనిష్ఠ భారం దగ్గర:

```
Pcr = π² · E · I / L²
```

ఈ లెక్కలో వంపు ఎంతన్నది ఎక్కడా తేలదు, కేవలం ఆకారం తేలుతుంది. ఆ భారం దగ్గర ఒక మి.మీ. వంగినా, మూడు మి.మీ. వంగినా సమతుల్యమే. పట్టు తప్పిందని చెప్పడానికి ఇంతకు మించిన గణిత సాక్ష్యం అక్కర్లేదు.

పొడవు రెట్టింపైతే భారం నాలుగో వంతుకు పడిపోతుందన్న సంగతిని డచ్ శాస్త్రవేత్త ముస్షెన్‌బ్రూక్ 1729లోనే ప్రయోగాలు చేసి కనిపెట్టాడు. దానికి గణిత రూపం ఇచ్చింది లియొన్‌హార్డ్ ఆయిలర్, 1744లో. మన క్లాసుల్లో ఎక్కువగా వినపడే ‘యూలర్’ ఈయనే. అప్పట్లో కట్టిన రాతి స్తంభాలు బాగా లావుగా ఉండేవి, వాటికి ఈ సూత్రంతో పెద్దగా పని పడలేదు. ఇనుము, ఉక్కు వచ్చి సన్నటి కడ్డీలు భారం మోయడం మొదలయ్యాకే దీని విలువ తెలిసింది.

ఇక సూత్రంలో లేనిదేమిటో చూద్దాం. అందులో E ఉంది, I ఉంది, L ఉంది. ఈల్డ్ స్ట్రెస్ లేదు. 250 గ్రేడ్ ఉక్కు బదులు రెట్టింపు బలమున్న 500 గ్రేడ్ ఉక్కు వాడినా ఆయిలర్ భారం పిసరంత కూడా పెరగదు. రెండింటికీ E దాదాపు 200 గిగాపాస్కల్ కావడమే కారణం. సన్నటి కడ్డీ వంగుతోందని ఖరీదైన గ్రేడ్ తెప్పించడం వృథా. పొడవు తగ్గించాలి, లేదా I పెంచాలి, లేదా చివరలు బిగించాలి. అయితే ఈల్డ్ స్ట్రెస్ లేకపోవడమే సూత్రానికి గుడ్డిమచ్చ కూడా. భారం ఎంత పెద్దదొచ్చినా, ఆ స్థాయిలో ఉక్కు ఇంకా ఉక్కులాగే ఉంటుందా అని అది అడగదు.

K అంటే తరంగం పొడవు

చివరల పరిస్థితి మారితే మారేది ఒక్కటే: వంగిన రేఖలో అర తరంగం ఎంత పొడవున ఉంది? ఆ పొడవే ఎఫెక్టివ్ లెంగ్త్, దాన్ని KL అని రాస్తారు. సూత్రంలో L స్థానంలో KL వేస్తే చాలు. K విలువలను బట్టీ పట్టడం కంటే వంపు బొమ్మ గీసుకుని, అందులో మొమెంట్ సున్నా అయ్యే బిందువులను, అంటే వంపు ఒక దిశ నుంచి ఇంకో దిశకు మారే చోట్లను వెతకడం మేలు. రెండు పక్కపక్క సున్నా బిందువుల మధ్య దూరమే KL.

రెండు చివరలా హింజ్ ఉంటే సున్నా బిందువులు చివరల్లోనే ఉంటాయి. K = 1. కింద బిగించి పైన స్వేచ్ఛగా వదిలేసిన స్తంభంలో పై కొన ఒక సున్నా బిందువు, రెండోది స్తంభంలో లేనే లేదు. వంపును నేలలో అద్దం పెట్టి చూసినట్టు కిందకు పొడిగిస్తే అక్కడ కనిపిస్తుంది. అందుకే K = 2. రెండు చివరలూ తిరగకుండా బిగిస్తే వంపు చివరల దగ్గర ఒక వైపు, మధ్యలో ఇంకో వైపు తిరుగుతుంది. సున్నా బిందువులు పొడవులో పావు వంతు దగ్గర, ముప్పావు వంతు దగ్గర వస్తాయి. మధ్య దూరం సగం కాబట్టి K = 0.5.

ఒక చివర బిగింపు, రెండో చివర హింజ్ ఉన్న కేసు మాత్రం కొంచెం మొండిది. బొమ్మ సౌష్ఠవంగా ఉండదు. హింజ్ దగ్గర పక్కకు నెట్టే ప్రతిచర్య కూడా పుడుతుంది కాబట్టి భారం నడిచే రేఖే ఏటవాలుగా మారుతుంది. లెక్క చివరికి tan(kL) = kL అనే సమీకరణం దగ్గర ఆగుతుంది. ఇక్కడ చిన్న k అంటే √(P/EI), ఎఫెక్టివ్ లెంగ్త్ K తో దానికి సంబంధం లేదు. దీని మొదటి మూలం 4.4934. π ని దానితో భాగిస్తే 0.699 వస్తుంది. పుస్తకాల్లో 0.7 అని గుండ్రంగా రాసేది ఇదే.

ఇప్పుడు మన ఫ్లాట్‌కు వద్దాం. అది సన్నటి వైపుకే, అంటే 25 మి.మీ. మందం దిశలోనే వంగుతుందనుకుందాం. I = 50 × 25³ / 12 = 65,104 మి.మీ.⁴. రేడియస్ ఆఫ్ జైరేషన్ r అంటే √(I/A), ఇక్కడ 7.217 మి.మీ. పొడవు 1000 మి.మీ.

| చివరలు | K | KL/r | ఆయిలర్ భారం (కిలోన్యూటన్లు) |
|---|---|---|---|
| బిగింపు – స్వేచ్ఛ | 2 | 277.1 | 32.1 |
| హింజ్ – హింజ్ | 1 | 138.6 | 128.5 |
| బిగింపు – హింజ్ | 0.699 | 96.9 | 263 |
| బిగింపు – బిగింపు | 0.5 | 69.3 | 514 |

పై వరుసకూ కింది వరుసకూ మధ్య తేడా పదహారు రెట్లు. K ను వర్గం చేయడం వల్ల వచ్చిన తేడా ఇది. అందుకే K లో చేసే చిన్న పొరపాటు E లో చేసే పొరపాటు కంటే ఖరీదు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ‘రెండు చివరలూ బిగించాం, కాబట్టి K = 0.5’ అన్న మాటలో దాగున్న షరతు ఏమిటంటే, పై చివర కింది చివరకు సరిగ్గా ఎదురుగానే ఉండిపోవాలి. రెండు చివరలూ తిరగకుండా ఉన్నా, పై చివర పక్కకు జరగగలిగితే వంపు ఎస్ ఆకారంలో వస్తుంది, K = 1 అవుతుంది. బ్రేసింగ్ లేని ఫ్రేములో కాలమ్ పరిస్థితి ఇదే. పక్కకు జరగకుండా ఆపే ఒక్క వాలు కడ్డీ తీసేస్తే స్తంభాన్ని ఎవరూ ముట్టుకోకుండానే దాని ఆయిలర్ భారం నాలుగో వంతుకు పడిపోతుంది. డ్రాయింగులో చివర ఎంత గట్టిగా వెల్డ్ చేశారో చూసేవాళ్లు ఎక్కువ, పక్కకు జరుగుతుందా అని చూసేవాళ్లు తక్కువ.

స్లెండర్‌నెస్ పరీక్ష ఏం అడుగుతుంది

ఆయిలర్ భారాన్ని వైశాల్యంతో భాగిస్తే స్ట్రెస్ రూపం వస్తుంది:

```
σcr = π² · E / (KL/r)²
```

KL/r నే స్లెండర్‌నెస్ రేషియో అంటారు. కడ్డీ ఎంత సన్నదో, చివరలు ఎలా ఉన్నాయో రెండూ కలిసి ఈ ఒక్క అంకెలో ఒదిగిపోతాయి. ఇది చిన్నదయ్యే కొద్దీ σcr అమాంతం పెరుగుతుంది, ఒక దశలో ఈల్డ్‌ను దాటిపోతుంది. σcr ఈల్డ్ స్ట్రెస్ fy కి, అంటే 250 కి, సమానమయ్యే చోటు వెతికితే:

```
KL/r = π · √(E / fy) = π · √(200000 / 250) = 88.9
```

దీనికంటే తక్కువ రేషియో ఉంటే ఆయిలర్ జవాబు చెత్తబుట్టలో వేయదగినది. మన పట్టికలో కింది వరుస అదే. 69.3 దగ్గర సూత్రం 411 మెగాపాస్కల్ అంటోంది. 250 దగ్గరే ఈల్డ్ అయ్యే ఉక్కు అంతవరకు వెళ్లే ప్రసక్తే లేదు.

చాలా చోట్ల పరీక్ష ఇక్కడితో ఆగిపోతుంది: 88.9 కంటే ఎక్కువుంటే ఆయిలర్, తక్కువుంటే ఈల్డ్. ఇది సగం నిజమే. సూత్రం అడిగేది σcr ఈల్డ్ కంటే తక్కువుందా అని కాదు, అంతవరకు E మారకుండా ఉంటుందా అని. రోలింగ్ మిల్లు నుంచి వచ్చిన ఉక్కు సమంగా చల్లారదు. అంచులు ముందు, మధ్య భాగం తరవాత చల్లబడతాయి. దాంతో బయటి భారమేదీ లేకుండానే లోపల కొన్ని చోట్ల సంపీడన స్ట్రెస్ మిగిలిపోయి ఉంటుంది. బయటి భారం దానికి తోడైతే ఆ చోట్లు ముందుగా ఈల్డ్ అవుతాయి. ఈల్డ్ అయిన చోట బిగువు ఉండదు, కాబట్టి కోత మొత్తం బలం ఇంకా మిగిలి ఉండగానే వంపును ఎదిరించే శక్తి తగ్గిపోతుంది. అందుకే σcr ఈల్డ్‌లో సగాన్ని మించకపోతేనే ఆయిలర్‌ను నేరుగా వాడాలన్నది అనుభవంలో స్థిరపడ్డ నియమం. సగం అంటే 125 మెగాపాస్కల్, దానికి సరిపోయే రేషియో:

```
KL/r = π · √(2E / fy) = 125.7
```

ఇంతకంటే పొట్టి, లావు కడ్డీలకు జాన్సన్ పరావలయం వాడుకోవచ్చు. అది ఈల్డ్ దగ్గర మొదలై, 125.7 దగ్గర ఆయిలర్ వక్రరేఖను మెత్తగా తాకుతుంది:

```
σcr = fy · [1 − fy · (KL/r)² / (4π²E)]
```

ఇప్పుడు నాలుగు వరుసలకూ తీర్పు చెప్పొచ్చు. 277, 138.6 రేషియోలున్న మొదటి రెండింటికీ ఆయిలర్ సరైనదే. మూడోది 96.9, అంటే 88.9 దాటింది గానీ 125.7 చేరలేదు. ఆయిలర్ 263 కిలోన్యూటన్లు అంటే, జాన్సన్ 176 మెగాపాస్కల్ అంటుంది. భారం సుమారు 220 కిలోన్యూటన్లు. తేడా దాదాపు ఐదో వంతు. నాలుగోది 212 మెగాపాస్కల్, 265 కిలోన్యూటన్లు. అంటే చివరలను పూర్తిగా బిగించినందుకు ఆయిలర్ లెక్కన హింజ్ కేసుకు నాలుగు రెట్లు లాభం రావాల్సింది, నిజంగా వచ్చేది రెండు రెట్ల పైచిలుకు. బిగింపు మీద పెట్టే ఖర్చు ఒక హద్దు దాటాక ఫలితం ఇవ్వదన్నమాట. ఇక్కడ గ్రేడ్ పెంచితే మాత్రం లాభం ఉంటుంది, ఎందుకంటే ఈ ప్రాంతంలో ఈల్డ్ స్ట్రెస్ లెక్కలోకి వచ్చేసింది.

పిన్ ఏ వైపు తొలిచారు?

ఇప్పటిదాకా ఫ్లాట్ సన్నటి వైపుకే వంగుతుందనుకున్నాం. చివరల పట్టు అన్ని దిశల్లోనూ ఒకేలా ఉంటే అది నిజమే. కానీ ఫోర్కులో పెట్టి పిన్ దించిన కడ్డీకి రెండు దిశల్లో రెండు రకాల చివరలుంటాయి. పిన్ చుట్టూ అది స్వేచ్ఛగా తిరుగుతుంది, ఆ తలంలో హింజ్. దానికి అడ్డంగా ఉన్న తలంలో ఫోర్కు చెంపలూ పిన్నూ కలిసి తిరగనివ్వవు, ఆ తలంలో బిగింపు. కాబట్టి ‘బలహీన అక్షం ఏది?’ అన్న ప్రశ్నకు కోత ఒక్కటే చూసి జవాబు చెప్పలేం. రెండు తలాల్లోనూ KL/r విడివిడిగా కట్టి, ఏది పెద్దదో దాన్నే పట్టుకోవాలి.

మన ఫ్లాట్‌లో పిన్ రంధ్రాన్ని 25 మి.మీ. మందం గుండా తొలిచారనుకుందాం. ఫ్లాట్ తిరిగేది 50 మి.మీ. వెడల్పు తలంలో. ఆ దిశలో r = 14.43 మి.మీ., K = 1, రేషియో 69.3. మందం దిశలో r = 7.217, K = 0.5, అక్కడా రేషియో 69.3. రెండూ సరిసమానం. ఇది కాకతాళీయం కాదు. వెడల్పు మందానికి రెట్టింపు కాబట్టి రెండు I ల నిష్పత్తి నాలుగు. కనెక్టింగ్ రాడ్ డిజైన్‌లో ఒక అక్షం I మరోదానికి నాలుగు రెట్లుండాలన్న పాత నియమం పుట్టింది ఈ లెక్క నుంచే.

అదే రంధ్రాన్ని 50 మి.మీ. వెడల్పు గుండా తొలిస్తే? ఇప్పుడు హింజ్ వచ్చింది సన్నటి దిశకు. అక్కడ రేషియో 138.6. రెండో దిశలో 34.6, అంటే ఆ వైపు వంగమన్నా వంగదు, కానీ ఆ మిగులు బలం దేనికీ పనికిరాదు. కడ్డీ మోసేది 128.5 కిలోన్యూటన్లే. సరైన వైపు తొలిచి ఉంటే 265 వచ్చేది. పదార్థం, బరువు, పిన్ సైజు అన్నీ అవే. రంధ్రం దిశ ఒక్కటే సగానికి పైగా బలాన్ని మింగేసింది.

సరైన వైపు తొలిచినా 265 కూడా కాగితం మీది మాటే, ఎందుకంటే 0.5 అన్న K కాస్త కూడా కదలని బిగింపుది. ఫోర్కు చెంపలు కొద్దిగా విచ్చుకుంటాయి, అది కూర్చున్న పునాది కొద్దిగా ఒరుగుతుంది. అందుకే డిజైన్ కోడ్‌లు రెండు చివరల బిగింపుకు సాధారణంగా 0.65, ఒక చివర బిగింపు, రెండో చివర హింజ్ ఉంటే 0.8 వాడమంటాయి. మందం దిశలో 0.65 వేస్తే రేషియో 90.1, జాన్సన్ లెక్కన భారం 232 కిలోన్యూటన్లు. వెడల్పు తలంలో ఇంకా 265 ఉంది కాబట్టి నియంత్రించేది 232. సరిసమానంగా కుదిరిందనుకున్న డిజైన్ ఇలా సన్నటి వైపుకు ఒరిగింది.

పిన్‌కూ రంధ్రానికీ మధ్య ఉన్న సందు ఇంకా పెద్ద చిక్కు. వ్యాసంలో 0.2 మి.మీ. సందు ఉందనుకుందాం. 25 మి.మీ. మందం మీద అది 0.2/25, అంటే 0.008 రేడియన్ల ఒరుగుకు చోటిస్తుంది. ఫోర్కు చెంపల దగ్గర కూడా సరిపడా ఖాళీ ఉంటే ఫ్లాట్ చివర అంతవరకు ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంది. అర తరంగం ఆకారంలో వంగిన కడ్డీ చివర వాలు π·δ/L. అది 0.008 కావాలంటే నడుమ వంపు 2.5 మి.మీ. రావాలి. అంటే నడుమ రెండున్నర మి.మీ. వంగేదాకా ఈ ‘బిగింపు’ నిద్రపోతూనే ఉంటుంది. ఆ లోపల కడ్డీ అచ్చంగా హింజ్ కడ్డీ, దాని హద్దు 128.5. ఆ భారం దగ్గరికి వచ్చాక అది మెత్తగా రెండున్నర మి.మీ. వంగి, అప్పుడు చివరలు పట్టుకుంటే, అంత వంపుతో పుట్టిన బిగింపు కడ్డీగా కొనసాగుతుంది. విరగకపోవచ్చు. కానీ భారం మారినప్పుడల్లా ఇటూ అటూ కొట్టుకుంటూ రంధ్రం అంచులను అరగదీస్తుంది, సందు ఇంకా పెరుగుతుంది. పిన్ తీసి చూసినప్పుడు రంధ్రం రెండు మూతుల దగ్గర ఎదురెదురు వైపుల్లో మెరిసే రాపిడి గుర్తులు కనిపిస్తే, ఆ చివర బిగింపుగా పనిచేయడం లేదని అర్థం.

ఒక్క మిల్లీమీటరు వంకర

ఆయిలర్ స్తంభం తీగలా తిన్నగా ఉంటుంది, భారం దాని మధ్యగీత మీదే పడుతుంది. నిజం కడ్డీలో రెండూ ఉండవు. హింజ్ కేసునే తీసుకుని, మీటరుకు ఒక మి.మీ. వంకర ముందే ఉందనుకుందాం. కంటికి తిన్నగానే కనిపిస్తుంది. భారం పెరిగే కొద్దీ ఆ వంకర ఇలా పెద్దదవుతుంది:

```
δ = δ0 / (1 − P / Pcr)
```

Pcr లో సగం భారం దగ్గర నడుమ వంపు 2 మి.మీ. నూటికి 80 పాళ్ల దగ్గర 5 మి.మీ. 90 పాళ్ల దగ్గర 10 మి.మీ. వంపుతో పాటే బెండింగ్ స్ట్రెస్ పుడుతుంది. 80 పాళ్ల దగ్గర నేరుగా నొక్కే స్ట్రెస్ 82, బెండింగ్ 99, మొత్తం 181 మెగాపాస్కల్. 250 చేరేది సుమారు 111 కిలోన్యూటన్ల దగ్గర. అక్కడ లోపలి అంచు ఈల్డ్ అవుతుంది, బిగువు పడిపోతుంది, ఇక వెనక్కి రాదు. కాబట్టి 128.5 అన్నది ఎప్పటికీ చేరని అంకె. ఆయిలర్ పూర్తిగా వర్తించే రేషియోలో కూడా ఒక్క మి.మీ. వంకర ఏడో వంతు దాకా తినేసింది. డిజైన్ కోడ్‌లలోని కాలమ్ వక్రరేఖలు ఆయిలర్ గీతకు కిందే ఉండటానికి ఇదీ, ముందు చెప్పిన లోపలి స్ట్రెస్సూ కారణాలు. వాటి మీద మళ్లీ భద్రతా గుణకం వేరే ఉంటుంది.

ఒక విధంగా ఈ వంకర మనకు సహాయం కూడా చేస్తుంది. బొత్తిగా తిన్నని కడ్డీ హెచ్చరిక లేకుండా వంగుతుంది. వంకర ఉన్నది ముందు నుంచే కొద్దికొద్దిగా కదులుతూ తన రహస్యం చెబుతుంటుంది. ఇంగ్లండుకు చెందిన సౌత్‌వెల్ 1932లో ఈ కదలిక నుంచే Pcr ను రాబట్టే పద్ధతి చూపించాడు. భారం వేసిన తరవాత అదనంగా వచ్చిన వంపు Δ ను కొలవాలి. అడ్డంగా Δ, నిలువుగా Δ/P వేసి గీత గీస్తే, అది తిన్నగా వస్తుంది. ఆ గీత వాలుకు తలకిందులే Pcr. కడ్డీని పాడు చేయనక్కర్లేదు, మొదటి వంకర ఎంతో తెలియనక్కర్లేదు.

ఫోర్కులో పెట్టిన మన ఫ్లాట్‌కు, సందు లేకుండా పిన్ బిగుతుగా దిగిందనుకుని, మందం దిశలో డయల్ గేజ్ పెట్టామనుకుందాం. 100 కిలోన్యూటన్ల దగ్గర 0.15 మి.మీ., 150 దగ్గర 0.30 మి.మీ. వచ్చింది. Δ/P విలువలు 0.0015, 0.0020. వంపు 0.15 పెరిగితే Δ/P 0.0005 పెరిగింది. వాలు 1/300, కాబట్టి ఆ తలంలో Pcr 300 కిలోన్యూటన్లు. హింజ్ కేసు భారం 128.5 ను దీనితో భాగించి వర్గమూలం తీస్తే K = 0.654.

రెండే బిందువులతో గీత గీయడం ఉదాహరణకే. నిజంగా చేసేటప్పుడు ఐదారు రీడింగులు కావాలి, అందులో కొన్నైనా Pcr లో సగానికి దగ్గరగా ఉండాలి. తక్కువ భారాల దగ్గర వంపు మరీ చిన్నది, గేజ్‌లో 0.01 మి.మీ. తప్పు చదివినా గీత పక్కకు పోతుంది. మొదటి రెండు మూడు బిందువులు ఒక వాలులో, తరవాతివి ఇంకో వాలులో పడితే ఆ కడ్డీ చివరలో సందు ఉందని అనుమానించాలి. ముందు హింజ్‌లా, తరవాత బిగింపులా పనిచేసిందని ఆ మెలిక చెబుతోంది.

ఇక 300 అన్నది కడ్డీ మోసే భారం కాదు. K = 0.654 తో రేషియో 90.7, జాన్సన్ లెక్కన 231 కిలోన్యూటన్లు. ఆయిలర్ ఇక్కడ కూలే భారాన్ని చెప్పలేదు, చివరలు నిజంగా ఎంత గట్టిగా పట్టుకున్నాయో మాత్రం కొలిచి ఇచ్చింది. స్లెండర్‌నెస్ పరీక్షకు కావలసిన K అదే.